బెల్ కొట్టాక రెండడుగులు వెనక్కి

మా మేనకోడలు విజయవాడలో ఇంటింటికీ తిరిగి వాటర్ ఫిల్టర్లు అమ్మే పనిలో చేరింది. ట్రైనింగ్‌లో ఏం మాట్లాడాలో బట్టీ పట్టించారు కానీ, ఎక్కడ నిలబడాలో చెప్పలేదట. ఒకప్పుడు ఆ సంచీ మోసినవాణ్ని కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెట్టాను.

బెల్ ఒక్కసారే కొట్టాలి. కొట్టగానే రెండడుగులు వెనక్కి జరిగి, తలుపు కన్నంలోంచి చూసేవాళ్లకి ముఖం, మెడలో కార్డు రెండూ కనపడేలా నిలబడాలి. తలుపు తీసేసరికి ముక్కుకి ముక్కు తగిలేంత దగ్గర్లో కొత్తమనిషి ఉంటే ఎవరైనా ముందు తలుపు మూయాలనే చూస్తారు. గేటు గొళ్లెం మనంతట మనం తీయకూడదు. కుక్క లేదనుకున్న ఇంట్లోనే కుక్క ఉంటుంది.

తర్వాత మొదటి మాట. ‘సర్వేకి వచ్చామండీ’ అని మొదలుపెట్టమని కొందరు నేర్పుతారు. నాకది అసహ్యం. రెండో నిమిషంలో ఎలాగూ బయటపడుతుంది. పేరు, కంపెనీ, వచ్చిన పని ముందే చెప్పేయడం మేలు. 2021లో కేంద్రం తెచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ నియమాలు కూడా ఆ కోవ ఏజెంట్లని గుర్తింపు కార్డు లేకుండా, ముందు అనుమతి తీసుకోకుండా ఇళ్లకి వెళ్లొద్దనే అంటాయి. అందుకే మొదటిసారి ఫిల్టర్ అమ్మబోవద్దని, డెమోకి ఎప్పుడు రమ్మంటారో అడిగి రమ్మని చెప్పాను. అపార్ట్‌మెంట్ అయితే అసోసియేషన్ సెక్రటరీని అడక్కుండా లిఫ్టు ఎక్కొద్దు. వాచ్‌మన్ కళ్లుగప్పి వెళ్లినవాళ్లని ఒక్క వాట్సాప్ మెసేజ్‌తో కిందికి దింపేస్తారు.

డెమో అంటే గుర్తొచ్చింది. రెండు గ్లాసుల్లో లోహపు కడ్డీలు ముంచి కరెంటిస్తారు. కుళాయి నీళ్లు గోధుమరంగుకి తిరుగుతాయి, ఫిల్టర్ నీళ్లు తేటగా ఉంటాయి. చూసినవాళ్లు ‘అమ్మో, ఇన్నాళ్లూ ఇవా తాగింది!’ అని హడలిపోతారు. నిజానికి ఆ రంగు నీళ్లలోని మురికి కాదు, కరిగిన ఇనుప కడ్డీది. నీళ్లలో లవణాలుంటే కరెంటు పారుతుంది, కడ్డీ కరుగుతుంది. ఆర్‌వో నీళ్లలో లవణాలు తక్కువ కాబట్టి తేటగా ఉండిపోతాయి. వాటిలోనూ చిటికెడు ఉప్పేసి చూస్తే అదే రంగు. ఆ పెట్టె ఆఫీసులోనే వదిలేసి, టీడీఎస్ మీటర్ ఒక్కటే పట్టుకెళ్లమన్నాను. తాగునీటికి మన ప్రమాణాల్లో లీటరుకి 500 మిల్లీగ్రాముల దాకా ఫర్వాలేదు. అంతకు బాగా తక్కువ వస్తే ‘మీకు ఆర్‌వో అక్కర్లేదండీ’ అనాలి. టీడీఎస్ తక్కువైనంత మాత్రాన నీళ్లలో క్రిములు లేవని కాదు, ఆ సంగతీ చెప్పాలి. ఆ ఇంట్లో ఆర్‌వో అమ్ముడుపోదు, నిజమే. కానీ ఆ ఇంటావిడ చెల్లెలి ఇంట్లో బోరు నీళ్లుంటే మన నంబరు అక్కడికి వెళ్తుంది.

ఇక వేళలు. పొద్దున్నే వెళ్తే పిల్లల బాక్సులు, స్కూలు ఆటో హడావుడి. పదిన్నర నుంచి పన్నెండు దాకా బాగుంటుంది. భోజనం, కునుకు వేళల్లో బెల్ కొడితే తిట్లే. బెజవాడ ఎండల్లో ఎలాగూ ఆ అయిదు గంటలూ వీధిలో ఉండకూడదు. ఫోన్లు చేసుకోవడానికి, లెక్కలు రాసుకోవడానికి ఆ సమయం సరిపోతుంది. మళ్లీ సాయంత్రం అయిదు నుంచి చీకటి పడేలోగా. భార్యాభర్తలిద్దరూ కూర్చుని నిర్ణయం తీసుకోవాల్సిన డెమోలు ఆదివారం పొద్దున పెట్టుకోవాలి.

ఒంటరిగా తిరిగే ఆడపిల్ల కదా, భద్రత గురించి కాస్త గట్టిగానే చెప్పాను. ఏ వీధిలో ఉన్నదీ పొద్దున్నే ఇంట్లో ఒకరికి చెప్పాలి, ఫోన్‌లో లొకేషన్ ఆన్‌లో ఉండాలి. ఇంట్లో మగవాళ్లొక్కరే ఉంటే గుమ్మం దాటొద్దు. ‘మేడమ్ ఉన్నప్పుడు వస్తానండీ’ అంటే చాలు, ఎవరూ తప్పుపట్టరు. లోపలికి వెళ్లినా వీధి తలుపు తీసే ఉంచమనాలి, ఆ తలుపుకి దగ్గర్లో కూర్చోవాలి. చెప్పులు బయట విడిచేటప్పుడే వీధివైపు తిప్పి విడవాలి. డబ్బు చేతికి తీసుకోకుండా కంపెనీ ఖాతాకే క్యూఆర్‌తో వేయించుకుంటే సంచీలో నగదు ఉండదు. మనసు ఎందుకో కీడు శంకిస్తే కారణం వెతక్కుండా వచ్చేయాలి.

‘వద్దు’ అన్నప్పుడు ఎందుకు వద్దని అడక్కూడదు. ‘సరేనండీ, గేటు వేసి వెళ్తాను’ అని, నిజంగా వేసి వెళ్లాలి. ఎదురింటావిడ కిటికీలోంచి చూస్తూనే ఉంటుంది. విసురుగా గేటు లాగితే ఆ ఇంట్లో తలుపు తెరుచుకోదు.

‘ఆయన లేరు’ అంటే వద్దని కాదు. ఎప్పుడుంటారో అడిగి, డోర్ నంబరు పక్కన తేదీ రాసుకోవాలి. గోడ మీద సుద్దతో గుర్తు మాత్రం పెట్టొద్దు, దొంగల గుర్తులని కాలనీ అంతా బెదిరిపోతుంది. ‘ఆలోచించి చెప్తాం’ అన్నవాళ్లకి ఒకసారి ఫోన్ చేయొచ్చు. మళ్లీ అదే మాట అంటే పుస్తకంలో ఆ పేరు కొట్టేయాలి.

‘మరీ రెండోసారికేనా మావయ్యా?’ అంది.

‘రెండోసారికే’ అన్నాను.