రెండు సైలెన్సర్ల లెక్క

కొత్తగూడెం నుంచి పాల్వంచ మీదుగా భద్రాచలం పోయే దారిలో ఒక మెరూన్ రంగు జావా ఎదురైతే, అరవై దాటినవాళ్లు ఆగి చూస్తారు. బండి కొత్తదే. 2018 తర్వాత తయారైందే. అయినా వాళ్ల చూపు ముందు ట్యాంకు మీద వాలుతుంది, అక్కడి నుంచి ఇంజిన్‌కు దిగుతుంది, చివరికి వెనక చక్రానికి అటొకటి ఇటొకటి చాచి ఉన్న రెండు సైలెన్సర్ల దగ్గర నిలుస్తుంది. అక్కడే వాళ్లకు నమ్మకం కుదురుతుంది. ఆ నమ్మకం కుదిరేలా చేయడం వెనక చాలా కష్టమైన పనితనం ఉంది. నిద్రపోయిన పేరును లేపాలనుకునే వాళ్లెవరైనా ఈ బండి దగ్గర కూర్చుని నేర్చుకోవలసిన సంగతులు ఉన్నాయి.

జావా పుట్టిల్లు చెక్ దేశం. ఫ్రాంటిషెక్ యానెచెక్ అనే ఆయన 1929లో వాండరర్ అనే జర్మన్ కంపెనీ మోటార్ సైకిళ్ల తయారీ హక్కులు కొన్నాడు. రెండు పేర్లను ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి, మొదటి రెండేసి అక్షరాలు కలిపితే జావా అయింది. మన దేశంలో ఐడియల్ జావా కంపెనీ మైసూరులో 1961 నుంచి ఈ బండ్లు తయారుచేసింది. 1973 నుంచి అవే బండ్లు యెజ్డీ పేరుతో వచ్చాయి. ఎనభైల్లో జపాన్ కంపెనీల పొత్తుతో వచ్చిన 100 సీసీ బండ్లు లీటరుకు ఎక్కువ దూరం పోయేవి. ఆ తర్వాత పొగ నిబంధనలు బిగిశాయి. 1996లో మైసూరు ఫ్యాక్టరీ మూతపడింది. ఆ పేరును మళ్లీ తెచ్చింది క్లాసిక్ లెజెండ్స్ అనే సంస్థ. మహీంద్రా పెట్టుబడితో, అనుపమ్ తరేజా, మైసూరు ఫ్యాక్టరీ నడిపిన ఇరానీ కుటుంబానికి చెందిన బొమన్ ఇరానీ దీన్ని నడిపించారు. 2018 నవంబరు 15న ముంబైలో కొత్త బండిని చూపించారు. మధ్యలో గడిచింది ఇరవై రెండేళ్లు.

ఇరవై రెండేళ్లలో జనం ఏం గుర్తుపెట్టుకున్నారు? పేరును మళ్లీ తెచ్చినవాళ్ల ముందున్న మొదటి ప్రశ్న ఇదే. పాత బండి నడిపినవాళ్లను అడిగితే సగం పొగడ్త, సగం ఫిర్యాదు వినిపిస్తుంది. అది టూ స్ట్రోక్ బండి. పెట్రోలు పోయించినప్పుడల్లా లీటరుకు ముప్పై నలభై మిల్లీలీటర్ల ఆయిల్ కలపాలి. తగ్గితే ఎండాకాలంలో పిస్టన్ పట్టేస్తుంది, ఎక్కువైతే నీలం పొగ, ప్లగ్గు నిండా మసి. కొన్నాళ్లకు సైలెన్సర్లు మూసుకుపోతాయి. విప్పి, లోపలి గొట్టం లాగి, మసి గీకాలి. ఇంకో వింత కూడా ఉండేది. ఎడమ పక్క గేర్ రాడ్డే కిక్ రాడ్డు కూడా. దాన్ని లోపలికి నొక్కి, వెనక్కి తిప్పి, పైకి లేపి తన్నాలి. స్టార్ట్ అయ్యాక మళ్లీ ముందుకు తెచ్చి గేర్లు వేయాలి. గేర్ రాడ్డు కదిలిస్తే క్లచ్ దానంతటదే విడిపోయేది కాబట్టి అలవాటైనవాళ్లు చేత్తో క్లచ్ పట్టకుండానే గేర్లు మార్చేవారు.

కొత్త బండి తీర్చిదిద్దినవాళ్లు ఈ జ్ఞాపకాలను రెండు కుప్పలు చేశారని బండిని చూస్తే తెలుస్తుంది. చేతికి, కాలికి శ్రమ పెట్టినవన్నీ వదిలేశారు. ఆయిల్ కలపడం పోయింది. ఆ రాడ్డు పోయింది, కిక్కే పోయింది, బటన్ నొక్కితే స్టార్ట్. నాలుగు గేర్లు ఆరయ్యాయి. ముందు చక్రానికి డిస్క్ బ్రేకు, ఏబీఎస్ వచ్చాయి. కంటికి, చెవికి అందినవాటిని మాత్రం వీలైనంత ఉంచారు. గుండ్రటి ట్యాంకు, దాని మీద బంగారు గీత, క్రోమ్ పలకలు, ఒకే పొడుగాటి సీటు, పుల్లల చక్రాలు, మందమైన శబ్దం. రాడ్డుతో ఎంత ముచ్చట ఉన్నా, రోజూ దాన్ని తన్నే పనికి మళ్లీ ఎవరూ డబ్బు పెట్టరు. తలుచుకుంటే బాగుండేది వేరు, వాడుకుంటే బాగుండేది వేరు. ఈ తేడాను బండి అంతటా పట్టుదలగా పాటించారు.

అసలు చిక్కు ఇంజిన్ దగ్గర వచ్చింది. పాత ఇంజిన్‌ను అలాగే తెస్తే పొగ పరీక్ష దాటదు. కొత్తగా పెట్టింది 293 సీసీ ఫోర్ స్ట్రోక్, నీటితో చల్లబడే ఇంజిన్, 27 హార్స్ పవర్. మహీంద్రా మోజో బండి ఇంజిన్‌కు ఇది దగ్గరి చుట్టం. అలాంటి ఆధునిక ఇంజిన్ బయటికి ఎత్తుగా, మూలలు తేలి కనిపిస్తుంది. పాత జావా ఇంజిన్ అలా కాదు. గుడ్డులా నునుపుగా, పొట్ట ఉబ్బి ఉంటుంది. అందుకే కొత్త ఇంజిన్ పక్క మూతలను పాత ఆకారంలోకి పోతపోశారు. నీటితో చల్లబడే సిలిండర్‌కు గాలి రెక్కలు అంతగా అక్కర్లేదు. అయినా కన్ను వెతుకుతుంది కాబట్టి రెక్కలు ఉంచారు. రేడియేటర్‌ను ఫ్రేమ్ ముందు గొట్టాల మధ్య నల్లగా, ఇరుకుగా సర్దారు. పక్క నుంచి చూస్తే అది దాదాపు కనిపించదు. మన కొత్తగూడెం ఎండల్లో, బొగ్గు లారీల వెనక నిదానంగా పాకుతూ పోవలసి వచ్చినప్పుడు దాని విలువ తెలుస్తుంది. పాత బండి వేడెక్కి మొరాయించే చోట ఇది ఫ్యాను తిప్పుకుని నడుస్తుంది.

ఇలాంటి వేషం వేసినవాళ్లు వీళ్లొక్కరే కాదు. ఇంగ్లండులో ట్రయంఫ్ కంపెనీ బోనవిల్ బండికి ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టినప్పుడు, ఆ పరికరాలను పాత కార్బ్యురేటర్ల ఆకారంలోనే పోతపోసింది. అది చూపుకు చేసిన పని, అంతటితో సరిపోయింది. జావాకు మాత్రం రెండు సైలెన్సర్ల దగ్గర ఇంకో మెట్టు ఎక్కవలసి వచ్చింది.

పాత బండికి రెండు సైలెన్సర్లు సోకు కోసం పెట్టలేదు. టూ స్ట్రోక్ ఇంజిన్‌లో పొగ బయటికి పోయే రంధ్రం సిలిండర్ గోడలోనే ఉంటుంది. ఆ రంధ్రం ఎంత వెడల్పైతే పొగ అంత త్వరగా పోతుంది. కానీ మరీ వెడల్పైతే పిస్టన్ రింగు అందులోకి ఉబ్బి, అంచుకు తగిలి విరుగుతుంది. అందుకే మధ్యలో గోడ వదిలి రెండు రంధ్రాలు చేశారు. రెండు రంధ్రాలకు రెండు గొట్టాలు, రెండు సైలెన్సర్లు. ఒక సిలిండర్ ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌కు ఆ అవసరం లేదు. అందులో పొగ వాల్వుల గుండా పోతుంది, ఒక సైలెన్సర్ చాలు. రెండోది పెడితే బరువు పెరుగుతుంది, ఖర్చు పెరుగుతుంది. లెక్క తెలిసిన ఇంజినీరు ఎవరైనా తీసేయమనే అంటాడు.

2018లో తీయలేదు. కష్టం 2020లో వచ్చింది. ఆ ఏడాది బీఎస్6 నిబంధనలు అమలయ్యాయి. పొగను శుభ్రం చేసే ఉత్ప్రేరకం త్వరగా వేడెక్కితేనే పనిచేస్తుంది. పొగను రెండు దారుల్లోకి పంచితే ఒక్కో దారికి సగం వేడే అందుతుంది. ఎంత మండిందో కొలిచే సెన్సర్‌కు కూడా ఒక దారిలో పోయే పొగను మాత్రమే చూపిస్తే లెక్క తప్పే ప్రమాదం ఉంది. అప్పుడు ఒక సైలెన్సర్‌ను ఉత్తి బొమ్మగా మిగిల్చినా చాలామందికి తెలిసేది కాదు. కంపెనీ అలా చేయలేదు. సిలిండర్ తలలో పొగదారులను మళ్లీ తీర్చి, దానికి క్రాస్ పోర్ట్ అని పేరు పెట్టింది. రెండు సైలెన్సర్లతోనే పరీక్ష నెగ్గింది. శక్తి కొంచెం తగ్గింది, కానీ రెండు గొట్టాలూ నిజంగా పనిచేస్తూనే ఉన్నాయి. నాకు ఈ బండిలో అన్నిటికంటే గౌరవం కలిగించే పని ఇది. కారణం పోయిన అలంకారాన్ని ఉంచాలనుకున్నప్పుడు, దానికి మళ్లీ ఒక పని అప్పజెప్పారు.

అన్నీ మొదటిసారే కుదరలేదు. కొత్త బండిలో మోజో స్వభావం మిగిలింది. అది పై వేగాల్లో ఉత్సాహపడే ఇంజిన్. పాత జావా మెచ్చినవాళ్లకు కావలసింది కింది వేగంలో గేరు మార్చకుండా లాగే బలం. చర్ల, దుమ్ముగూడెం వైపు అడవి దారుల్లో గుంతలు తప్పించుకుంటూ పోయేవాళ్లకు కావలసింది కూడా అదే. కిందికి వేలాడే సైలెన్సర్లు ఎత్తైన స్పీడ్ బ్రేకర్లకు తగులుతాయన్న ఫిర్యాదు కూడా వచ్చింది. 2024 జనవరిలో జావా 350 వచ్చింది. ఇంజిన్ 334 సీసీకి పెరిగింది, గరిష్ట శక్తి మాత్రం 22 హార్స్ పవర్ దగ్గరికి దిగింది. కాగితం మీద చూస్తే ఇది వెనకడుగు. నడిపితే కింది నుంచే లాగడం తెలుస్తుంది. చక్రాల మధ్య దూరం పెంచారు, నేల నుంచి ఎత్తు 178 మిల్లీమీటర్లు చేశారు. క్లచ్‌ను తేలిక చేశారు. పేరు తిరిగొచ్చిన ఆరో ఏట గానీ బండి నడక పాత స్వభావానికి దగ్గర కాలేదు. రూపం ముందు కుదిరింది, నడక తర్వాత కుదిరింది.

ఏది ఉంచాలో తేల్చుకోవడానికి వాళ్లు వాడిన పద్ధతి పక్కనే నిలబడిన ఇంకో బండిలో స్పష్టంగా కనిపిస్తుంది. జావాతో పాటే, అదే ఇంజిన్‌తో, జావా ఫార్టీ టూ అనే బండిని సుమారు తొమ్మిది వేలు తక్కువ ధరకు ఇచ్చారు. పాత బండి ఎన్నడూ చూడని కుర్రాళ్ల కోసం చేసింది అది. అందులో ట్యాంకు మీది క్రోమ్ పోయింది, బంగారు గీత పోయింది, మీటరు ఒక పక్కకు జరిగింది. జ్ఞాపకం ఉన్నవాళ్లకే అర్థమయ్యేవన్నీ తీసేశారు. అయినా ట్యాంకు గుండ్రదనం, ఇంజిన్ పొట్ట, రెండు సైలెన్సర్లు అలాగే ఉన్నాయి. రెండు బండ్లను పక్కపక్కన నిలబెట్టి, ఒకదాంట్లో ఉండి రెండోదాంట్లో లేనివి తీసేసుకుంటూ పోతే, చివరికి మిగిలేదే జావా అని వాళ్లు నమ్మారు. పాత పేరు చేతికొచ్చినవాళ్లు చేయవలసిన తీసివేత అదే: తాతకు నచ్చినదాన్నీ, మనవడికి కావలసినదాన్నీ వేరువేరుగా చేసి చూసి, రెండింటిలోనూ తప్పక నిలిచినదాని మీద డబ్బు, బుర్ర, ఓపిక పెట్టడం.