సి షిఫ్టు పట్టిక

సంక్రాంతి మూడు రోజులూ పాల డెయిరీకి రెండు వైపుల నుంచీ ఒత్తిడే. శీతకాలం కాబట్టి గేదెల ఈతలతో పాల రాబడి పెరిగి ఉంటుంది. ఇళ్లలో పరమాన్నానికి పాలు, భోజనానికి పెరుగు మామూలుకంటే ఎక్కువ కావాలి. సరిగ్గా ఆ రోజుల్లోనే ప్లాంటులో పనిచేసే ప్రతి మనిషీ సొంతూరు వెళ్లాలనుకుంటాడు. అలా అనుకోవడం న్యాయం కూడా. కృష్ణా డెల్టాలోని ఒక మధ్యతరహా డెయిరీలో ఈ చిక్కుముడిని విప్పుతున్నది షిఫ్టు ఇన్‌ఛార్జి గది గోడకు అతికించిన ఒక పెద్ద కాగితం. ఎడమ పక్కన పనివాళ్ల పేర్లు, పైన పనుల పేర్లు, గడిగడికీ చిన్న వలయాలు. ఎవరు ఏ పని చేయగలరో చెప్పే ఇలాంటి పట్టికలు చాలా ఫ్యాక్టరీల్లో కనిపిస్తాయి. ఇంత శ్రద్ధగా గీసినది, ఇంత నిజాయితీగా నింపినది మాత్రం అరుదు. అందుకే దీని గురించి రాస్తున్నాను.

ముందు మనుషుల లెక్క చూద్దాం. రోజుకు మూడు షిఫ్టులు, వారానికి ఏడు రోజులు అంటే ఒక్క కుర్చీకి వారంలో 21 షిఫ్టులు. వారాంతపు సెలవు పోను ఒక మనిషి చేసేవి ఆరు. అంటే ఒక్క కుర్చీ నిండాలంటేనే మూడున్నర మంది కావాలి. దీనికి సెలవులు కలపండి. చట్టం ప్రకారం 20 పనిదినాలకు ఒక రోజు చొప్పున వచ్చే వార్షిక సెలవు, పండగ సెలవులు, క్యాజువల్ సెలవులు తీసేస్తే ఒక మనిషి ఏడాదికి సుమారు 280 షిఫ్టులు చేస్తాడు. కుర్చీకి కావలసినవి 1,095. భాగిస్తే దాదాపు నాలుగు. ఒక పనికి నలుగురు ఉన్నారని ధీమాగా చెప్పుకునే చోట నిజానికి మిగులు ఏమీ లేదు. అందులో ఒక్కరికి డెంగీ వస్తే ఎక్కడో ఒక షిఫ్టులో కుర్చీ ఖాళీ. ప్రతి కుర్చీకీ ఐదో మనిషిని పెట్టుకునే స్తోమత ఏ డెయిరీకీ ఉండదు. కాబట్టి పక్క కుర్చీలో ఉన్నవాడికే ఈ పని కూడా రావాలి.

ఈ పట్టికలో నాకు మొదట నచ్చింది నిలువు గడులు నాలుగే ఉండటం. డెయిరీలో పనులు ముప్ఫై పైగా ఉంటాయి. అన్నీ రాస్తే కాగితం నిండుతుంది, కళ్లు మూతపడతాయి. ఇక్కడ ఒకే ప్రశ్నతో వడపోశారు: ఈ పని తెలిసినవాడు ఒక గంటపాటు లేకపోతే పాలు పాడవుతాయా, మనిషికి ప్రమాదమా? ఆ ప్రశ్నకు నిలిచినవి పాశ్చరైజర్, బాయిలర్, అమ్మోనియా కంప్రెసర్ గది, ల్యాబ్. ప్యాకింగ్, క్రేట్ల లెక్క, ట్యాంకుల కడుగుడు ముఖ్యమైనవే అయినా కొన్ని గంటలు ఆగగలవు. వాటికి వేరే కాగితం ఉంది.

వలయాలను నాలుగు భాగాలుగా గీశారు. పావు నిండితే నేర్చుకుంటున్నాడని, సగం నిండితే పక్కన ఎవరైనా ఉంటే చేస్తాడని, ముప్పావు నిండితే ఒంటరిగా చేయగలడని, పూర్తిగా నిండితే ఇంకొకరికి నేర్పగలడని అర్థం. ఈ నాలుగు భాగాల పద్ధతి చాలాచోట్ల ఉన్నదే. ఇక్కడి పనితనం ముప్పావు గీతను కాపాడుకున్న తీరులో ఉంది. షిఫ్టు లెక్కకు ముప్పావు, పూర్తి వలయాలే చెల్లుతాయి. సగం వలయాన్ని మనిషిగా లెక్కించరు. సగం నుంచి ముప్పావుకు జరగాలంటే ఏం చూడాలో ప్రతి పనికీ ఒక పేజీ రాసి పెట్టుకున్నారు.

పాశ్చరైజర్ పేజీనే తీసుకోండి. పాలను 72 డిగ్రీల సెల్సియస్ దగ్గర 15 సెకన్లు ఉంచాలి. ఇది అందరికీ తెలుసు, అడిగితే అందరూ చెబుతారు. ఒంటరిగా నిలబడగలడో లేదో అది చెప్పదు. అందుకని ఉదయం యంత్రాన్ని నీళ్లతో తిప్పుతున్నప్పుడు నేర్పేవాడు వేడినీటి సరఫరాను కావాలని తగ్గిస్తాడు. వేడి గీత దిగగానే ఫ్లో డైవర్షన్ వాల్వ్ తిరగాలి, వేడి చాలని ద్రవం ముందుకు పోకుండా బ్యాలెన్స్ ట్యాంకుకు వెనక్కి రావాలి. నేర్చుకునేవాడు అప్పుడు ఎటు చూస్తాడన్నదే పరీక్ష. వాల్వ్ నిజంగా తిరిగిందో లేదో పైపు దగ్గరకు వెళ్లి చూసి, చార్ట్ రికార్డర్ మీద ఆ క్షణాన్ని గుర్తుపెట్టి సంతకం చేసి, ఆ తర్వాత కారణం వెతికేవాడు సిద్ధమైనట్టే. వేడి పెంచడానికి నేరుగా స్టీమ్ వాల్వ్ మీదకు చెయ్యి పోనిచ్చినవాడికి ఇంకొన్నాళ్లు సగం వలయమే. రెండో అంశం ఇంకా సూక్ష్మమైనది. వేడి పాలు, చల్లటి పచ్చి పాలు పలుచటి ప్లేట్లకు అటూ ఇటూ ప్రవహించే రీజెనరేషన్ భాగంలో, కాచిన పాల వైపు ఒత్తిడి ఎప్పుడూ ఎక్కువగా ఉండాలి. అలా ఉంటే ప్లేటుకు చిల్లి పడినా కాచిన పాలే పచ్చి పాలలోకి కారతాయి. తలకిందులైతే పచ్చి పాలు ప్యాకెట్లలోకి చేరతాయి. రెండు ప్రెషర్ గేజ్‌లు చూపించి ఏది ఎక్కువ ఉండాలో, ఎందుకో చెప్పమంటారు. కారణం చెప్పలేకపోతే సంతకం పడదు.

అమ్మోనియా గది పేజీలో పెద్ద అక్షరాలతో రాసింది నూనె తీసే పని గురించి. కంప్రెసర్ నుంచి కొట్టుకొచ్చిన నూనె వ్యవస్థ అడుగున పేరుకుంటుంది, అప్పుడప్పుడు వాల్వ్ తెరిచి తీయాలి. నూనె అయిపోగానే దాని వెనకే అమ్మోనియా వస్తుంది. వాల్వ్ తెరిచి పక్కకు వెళ్లినవాడి వల్ల జరిగిన ప్రమాదాలు ఈ పరిశ్రమలో చాలా ఉన్నాయి. చేయి వదలగానే తనంతట తనే మూసుకునే వాల్వ్ ఉన్నా, నూనె కారడం ఆగేదాకా మనిషి అక్కడి నుంచి కదలకూడదు. మాస్క్ ఎక్కడుందో వెతుక్కునే అవసరం లేకుండా చేతికి అందాలి. ఇది మూడుసార్లు, మూడు వేర్వేరు రోజుల్లో చూసిన తర్వాతే ముప్పావు.

ఇప్పుడు ఈ పట్టికలో నేను బాగా మెచ్చుకున్న చోటికి వద్దాం. సి షిఫ్టులో, అంటే రాత్రి, ఆరుగురు ఉంటారు. పాశ్చరైజర్‌కు పాత ఆపరేటర్, ట్యాంకులు కడిగే ఆపరేటర్ ఇద్దరూ అర్హులు. ల్యాబ్‌కు కెమిస్ట్, పాలు దించుకునే దగ్గరి అసిస్టెంట్. బాయిలర్‌కు బాయిలర్ అటెండెంట్, సర్టిఫికెట్ ఉన్న కంప్రెసర్ ఆపరేటర్. అమ్మోనియా గదికి కంప్రెసర్ ఆపరేటర్, బాయిలర్ అటెండెంట్. ప్రతి నిలువు గడిలో రెండు వలయాలు నిండి ఉన్నాయి. ఒక్కరు రాకపోయినా ఇంకొకరు ఉన్నారని ఎవరైనా సంతృప్తి పడతారు. ఆడిట్‌కు వచ్చినవాళ్లూ పడతారు. ఇన్‌ఛార్జి మాత్రం రెండు గడుల మీద వేళ్లు పెట్టి, "ఇక్కడ ఉన్న ఇద్దరూ అక్కడున్న ఇద్దరూ ఒకళ్లేనండీ. ఒకడు ఊరెళ్తే రెండోవాడు ఒకేసారి రెండు గదుల్లో ఉండాలి" అన్నారు.

ఒక్కో నిలువు గడిని విడిగా లెక్కపెడితే ఈ కంత కనపడదు. గడులను జతలుగా, మూడేసిగా కలిపి, వాటిలో ఎంతమంది వేర్వేరు మనుషులు ఉన్నారో లెక్కపెట్టాలి. ఒక పనికి కనీసం ఇద్దరు, ఏ రెండు పనులు కలిపినా కనీసం ముగ్గురు, ఏ మూడు కలిపినా నలుగురు, నాలుగూ కలిపితే ఐదుగురు ఉంటే, ఎవరు ఒక్కరు రాకపోయినా అన్ని కుర్చీలూ నిండుతాయి. దీని వెనక ఉన్న గణితాన్ని ఫిలిప్ హాల్ అనే బ్రిటిష్ గణిత శాస్త్రజ్ఞుడు 1935లో నిరూపించాడు. ఇన్‌ఛార్జి ఆ పేరు విని ఉండకపోవచ్చు. సెలవు చీటీలు సర్దీ సర్దీ ఆయన అదే సూత్రానికి చేరుకున్నారు. ఆ తెలివికి చేతులెత్తి నమస్కరించాలనిపించింది.

మరి ఏ గడి నింపాలి? పాత పాశ్చరైజర్ ఆపరేటర్‌కు ల్యాబ్ పని నేర్పవచ్చు. ఆయనకు ఆసక్తి ఉంది, ఫాస్ఫటేస్ పరీక్ష చేయడం ఇప్పటికే కొంత తెలుసు. నేర్పితే పట్టికలో ఇంకో వలయం నిండుతుంది కానీ కంత అలాగే ఉంటుంది. మూడో మనిషికి బాయిలర్ నేర్పితే కంత పూడుతుంది, అయితే సర్టిఫికెట్ లేనివాడి చేతికి బాయిలర్ అప్పగించడానికి చట్టం ఒప్పుకోదు. కావలసిన అనుభవం సంపాదించి, రాష్ట్ర బాయిలర్ల శాఖ పెట్టే పరీక్ష రాయాలి. పండక్కి అది అందదు. ట్యాంకులు కడిగే ఆపరేటర్‌కు అమ్మోనియా గది పని నేర్పితే చాలు. అప్పుడు బాయిలర్, అమ్మోనియా రెండింటికీ కలిపి ముగ్గురవుతారు. అటెండెంట్ ఊరెళ్లిన రాత్రి కంప్రెసర్ ఆపరేటర్ బాయిలర్‌కు వెళ్తాడు, కడిగే ఆపరేటర్ కంప్రెసర్ గదికి, పాతాయన పాశ్చరైజర్ దగ్గరే. ట్యాంకుల కడుగుడు కాస్త ఆలస్యమవుతుంది. ఒక్క మనిషికి ఒక్క పని నేర్పడంతో షిఫ్టు మొత్తం నిలబడుతుంది.

ఆ గడిలో వలయం పక్కన ఒక తేదీ రాసి ఉంది: డిసెంబర్ 20. నేర్పడం పూర్తి కావలసిన రోజు అది. ఖాళీ గడిలో ఇలా గడువు రాసే అలవాటు 1940లో అమెరికాలో మొదలైన ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ కార్యక్రమం నాటిది. యుద్ధకాలపు ఫ్యాక్టరీల్లోకి కొత్తవాళ్లు వెల్లువలా వస్తున్నప్పుడు సూపర్‌వైజర్ల చేత ఇలాంటి టైమ్‌టేబుల్ రాయించేవారు. యుద్ధం తర్వాత ఆ పద్ధతి జపాన్ చేరింది, టయోటా దాన్ని తన పనిలో కలుపుకుంది. తేదీ లేని ఖాళీ గడి ఏళ్ల తరబడి ఖాళీగానే ఉంటుంది. ఈ డెయిరీ ఆ తేదీలను వెనక నుంచి లెక్కిస్తుంది. పండగ పనుల ఒత్తిడి మొదలయ్యేలోపు పూర్తి కావాలి, కాబట్టి అక్టోబర్‌లో మొదలుపెట్టాలి. తొందర లేని శిక్షణలను పాల రాబడి తగ్గే వేసవికి వాయిదా వేస్తారు.

ఇలాంటి పట్టికలు ఎక్కడ చెడతాయో కూడా ఇక్కడివాళ్లకు తెలుసు. ఒకే రోజు, ఒకే పెన్నుతో పడిన పది సంతకాలు కనిపిస్తే అవి ఆడిట్ ముందు రాత్రి నింపినవే. ఇంకో జబ్బు నెమ్మదిగా వస్తుంది. రెండేళ్ల కిందట నేర్చుకున్నవాడు ఆ తర్వాత ఆ గదిలో ఒక్క షిఫ్టు కూడా చేయలేదు, వలయం మాత్రం నిండే ఉంటుంది. దీనికి మందుగా ప్రతి నెలా లాగ్‌బుక్ తెరిచి, ఎవరి సంతకం ఏ యంత్రం దగ్గర ఉందో పట్టికతో సరిపోల్చుతారు. మూడు నెలలుగా సంతకం లేకపోతే వలయం సగానికి చెరిపేస్తారు. మళ్లీ ఒక షిఫ్టు పక్కన నిలబడి చేస్తేనే తిరిగి నిండుతుంది. నిండిన వలయాన్ని చెరపడానికి ధైర్యం కావాలి, ఎందుకంటే అవతల మనిషికి చిన్నతనంగా ఉంటుంది. అందుకే ఇది ఎవరి తప్పూ కాదని, అందరికీ ఒకే నియమమని పట్టిక కిందే రాసి ఉంచారు.

ఒక్కరు రాకపోతే ఏం చేయాలో పట్టిక చెబుతుంది. ఇద్దరు ఒకేసారి రాని రాత్రికి పూచీ ఇవ్వదు. ఆ సంగతి దాచకుండా అడుగున నాలుగు వరుసల్లో రాశారు. కంప్రెసర్ గదిని ఏ పరిస్థితిలోనూ ఖాళీగా ఉంచకూడదు, చల్లదనం పోతే సైలోలో పాలన్నీ పోతాయి. పాశ్చరైజర్‌కు మనిషి లేకపోతే దాన్ని మొదలుపెట్టొద్దు, పచ్చి పాలను 4 డిగ్రీల దగ్గర నిల్వ ఉంచి ఎ షిఫ్టుకు అప్పగించాలి. పాశ్చరైజర్ ఆగితే బాయిలర్‌కూ పని లేదు, మంట తగ్గించి పద్ధతిగా ఆపాలి. ల్యాబ్‌లో ఎవరూ లేకపోతే పరీక్ష కాని బ్యాచ్‌ను డిస్పాచ్‌కు వదలకూడదు, వ్యాన్లు గేటు దగ్గర ఎంతసేపు హారన్ కొట్టినా సరే.