బస్తా చక్కెరకు ఎన్ని యూనిట్లు?

ఉస్మాన్‌గంజ్‌లో చక్కెర ధర అడిగితే ఏ గుమాస్తా అయినా తలెత్తకుండానే చెప్తాడు. ఎస్-30 ఎంత, ఎం-30 ఎంత, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఎంత అన్నది అక్కడ నోటిలెక్క. బస్తా మీద మిల్లు పేరు, గ్రేడు, సీజను, 50 కిలోల తూకం అచ్చేసి ఉంటాయి. అచ్చు కాని లెక్క ఒకటుంది: ఆ బస్తా తయారయ్యే దారిలో ఎంత కరెంటు పుట్టింది? చక్కెర మిల్లు బాయిలర్ హౌసులో షిఫ్టులు చేసి వచ్చినవాణ్ణి కాబట్టి, హమాలీల వీపుల మీద ఆ బస్తాలు కనబడితే నాకు ధరకంటే ముందు ఇదే తడుతుంది. ఈ వారం ఆ లెక్క వేద్దాం.

రికవరీ పది శాతం అనుకుంటే 50 కిలోల చక్కెరకు 500 కిలోల చెరకు కావాలి. దాన్ని రోలర్ల మధ్య పిండితే రసం పోగా దాదాపు 140 కిలోల పిప్పి మిగులుతుంది. మిల్లులో దాన్ని బగాస్ అంటారు. అందులో సగం నీళ్లే. అయినా నేరుగా బాయిలర్ పొయ్యిలోకి పోతుంది, బాగానే మండుతుంది. కిలో బగాస్‌కు రెండు కిలోల పైచిలుకు ఆవిరి వస్తుంది కాబట్టి మన బస్తా వాటాకు సుమారు 300 కిలోల ఆవిరి. రసాన్ని వేడి చేసి, చిక్కబెట్టి, పాన్లలో గింజ కట్టించడానికి అందులో 225 కిలోలు కావాలి. అంటే చెరకే తన రసాన్ని తాను ఉడికించుకుంటుంది. బయటి నుంచి బొగ్గు పెళ్ల కొననక్కర్లేదు.

అసలు సంగతి ఆ 225 కిలోల దగ్గరే ఉంది. రసం మరగడానికి పెద్ద ప్రెషర్ అక్కర్లేదు. గేజీ మీద కేజీన్నర చాలు. మేం మిల్లులో ప్రెషర్‌ను కేజీల్లోనే చెప్పుకుంటాం, చదరపు సెంటీమీటరుకు అన్నమాట. పాతకాలపు మిల్లుల్లో బాయిలర్లు 21 కేజీల మీద నడిచేవి. ఆ ఆవిరి టర్బైన్‌లోకి పోయి, దాన్ని తిప్పి, కేజీన్నరకు దిగి బయటపడుతుంది. బయటపడ్డదాన్ని ఎగ్జాస్ట్ స్టీమ్ అంటారు. అదే రసం మరిగించే ఎవాపరేటర్లకు పోతుంది. ఈ దిగుడులో ఒక యూనిట్ కరెంటుకు సుమారు 12 కిలోల ఆవిరి టర్బైన్ గుండా పోవాలి. 225ను 12తో భాగించండి, 19 యూనిట్లు. మిల్లు తన సొంత మోటార్లకు బస్తాకు 15 యూనిట్లు తింటుంది. లెక్క అక్కడికక్కడ సరి.

ఇప్పుడు బాయిలర్ మార్చి 67 కేజీలు, 485 డిగ్రీల ఆవిరి పుట్టించామనుకోండి. కింద ఎవాపరేటర్‌కు చేరేది అదే 225 కిలోలు, అదే కేజీన్నర. కాని పైనుంచి దిగిన ఎత్తు పెరిగింది. యూనిట్‌కు 12 కిలోలు కావలసిన చోట ఆరు కిలోలతో పనైపోతుంది. కరెంటు 37 యూనిట్లు. దీనికోసం బాయిలర్‌లో అదనంగా మండేది ఎంతో తెలుసా? కిలో ఆవిరికి ఇంధనం పదో వంతు పెరుగుతుంది, అంతే. కరెంటు మాత్రం దాదాపు రెట్టింపు.

నిజాంసాగర్ చూసినవాళ్లకు ఇది వింతగా ఉండదు. 1931లో మంజీరా మీద పూర్తయిన ఆ ప్రాజెక్టు దగ్గర 10 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం ఉంది. పొలాలకు పోవలసిన నీళ్లే టర్బైన్ తిప్పి కాలవలోకి దిగుతాయి. రైతుకు చుక్క నీరు తగ్గదు, వాడుకున్నది ఎత్తును మాత్రమే. ఆవిరి సంగతీ అంతే. రసానికి కావలసింది ఆవిరి నీరైనప్పుడు వదిలే వేడి, దాన్ని టర్బైన్ ముట్టదు. పైనున్న ప్రెషర్ కొంత తీసుకుని మిగతాదంతా కిందికి వదిలేస్తుంది.

మామూలు థర్మల్ కేంద్రంలో ఈ కింది పొలం ఉండదు. రామగుండంలోనైనా ఇంకెక్కడైనా టర్బైన్ దాటిన ఆవిరిని కండెన్సర్‌లో చల్లబరచి నీరు చేయాలి. ఆ వేడంతా చాలాచోట్ల కూలింగ్ టవర్ల మీంచి ఆకాశానికి పోతుంది. బొగ్గులోని శక్తిలో మూడో వంతు చిల్లరే కరెంటుగా వైర్లలోకి ఎక్కుతుంది. చక్కెర మిల్లులో కండెన్సర్ చేయాల్సిన పని ఎవాపరేటర్ చేస్తుంది. అక్కడ పారబోసే వేడికి ఇక్కడ పని ఉంది. కోజనరేషన్ అంటే ఇంతకుమించి మంత్రం ఏమీ లేదు.

మరి పాత మిల్లులు మొదటి నుంచీ ఎత్తైన ప్రెషర్‌కు ఎందుకు పోలేదు? నిజాం చక్కెర ఫ్యాక్టరీ బోధన్‌లో 1937లో వెలిసింది. ఆసియాలోనే పెద్దదని పేరు మోసింది, 2015 డిసెంబరులో మూతపడింది. అలాంటి మిల్లులు పుట్టిన కాలంలో మిగులు కరెంటును కొనేవాడే లేడు. అందుకని బగాస్ మిగలడం అప్పట్లో తలనొప్పి. గుట్టలు పడితే చోటు చాలదు, నిప్పంటుకుంటుందని భయం. పొదుపు చేయని బాయిలరే ఆ రోజుల్లో సుఖం, పిప్పినంతా మింగి ఊరుకునేది. గ్రిడ్ వాళ్లు మిల్లు కరెంటును కొనడం మొదలయ్యాకే ఆ పిప్పికి విలువొచ్చింది.

విలువొచ్చిన కొద్దీ నిఘా పెరగాలి. నేను పనిచేసిన మిల్లులో చీఫ్ ఇంజినీరు గేటు దాటగానే ఆఫీసుకు పోయేవాడు కాదు, పైకప్పు కేసి చూసేవాడు. అక్కడ ఎగ్జాస్ట్ గొట్టం ఉంటుంది. రసం వైపు వాడకం తగ్గి ప్రెషర్ పెరిగితే సేఫ్టీ వాల్వు తెరుచుకుని తెల్లటి ఆవిరి గాల్లోకి పోతుంది. అది కనిపించిందంటే రసాన్ని మరిగించాల్సిన వేడి కాకులకు పోతోందన్నమాట. అక్కణ్ణుంచి నేరుగా టర్బైన్ హాలుకొచ్చి ఇంకో వాల్వు చూసేవాడు. దాన్ని పీఆర్‌డీఎస్ అంటారు. ఎగ్జాస్ట్ చాలనప్పుడు బాయిలర్ ఆవిరిని టర్బైన్‌తో పని లేకుండా ప్రెషర్ తగ్గించి, నీళ్లు చిమ్మి చల్లబరచి నేరుగా కిందికి పంపే దారి అది. అది గుయ్‌మంటోందంటే అంత ఆవిరి ఒక్క యూనిట్ కరెంటూ ఇవ్వకుండా జారిపోతున్నట్టే.

విచిత్రమేమిటంటే ఒకే షిఫ్టులో ఈ రెండూ జరుగుతాయి. ఒకరోజు గంటసేపు గొట్టం ఊదింది, ఆ వెంటనే పీఆర్‌డీఎస్ తెరుచుకుంది. పాన్ హౌసుకు ఫోను కొట్టాం.

"ఏమైందన్నా, స్టీమ్ గింత గుంజుతున్నరు?"

"రెండు పాన్లు ఒక్కపాలే దింపినం సార్. ఇప్పుడు రెండూ కలిపి మొదలువెట్టినం."

జబ్బు అదే. ఎవాపరేటర్ రోజంతా ఒకే తీరున ఆవిరి తాగుతుంది. పాన్లు అలా కాదు, వంట మొదట్లో గటగటా తాగి చివరికొచ్చేసరికి చప్పరిస్తాయి. రెండూ ఒకేసారి దిగితే ఆవిరికి గిరాకీ లేక పైకి పోతుంది, ఒకేసారి ఎక్కితే కొరత. ఆ మర్నాటి నుంచి ఒక పాను ఎక్కిన అరగంటకు గాని రెండోది ఎక్కించవద్దని పలక మీద రాసిపెట్టారు. కొత్త యంత్రం ఏదీ కొనలేదు. గొట్టం ఊదడం చాలావరకు తగ్గింది.

ఎత్తైన ప్రెషర్‌కు ఇంకో గండం నీళ్లది. ఆవిరి చల్లబడి నీరై మళ్లీ బాయిలర్‌కు వస్తుంది. ఎవాపరేటర్‌లో గొట్టం చిల్లుపడినా, రసం నురగెత్తి పై ఆవిరిలో కలిసినా ఆ నీళ్లలోకి చక్కెర చేరుతుంది. 67 కేజీల వేడికి చక్కెర విరిగి ఆమ్లంగా మారుతుంది, ట్యూబులను తినేస్తుంది. అందుకని ల్యాబ్ కుర్రాడు షిఫ్టు పొడుగునా అదే పని మీద ఉంటాడు. పరీక్షనాళికలో కాస్త ఆ నీళ్లు, రెండు చుక్కల ఆల్ఫా నాఫ్తాల్. నాళిక వంచి గోడ వెంబడి మెల్లగా గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం పోస్తాడు. రెండూ కలిసే చోట ఊదారంగు ఉంగరం కడితే చక్కెర వచ్చినట్టే. ఇక ఆలోచన లేదు, ఆ నీళ్లు మురుగులోకి, బాయిలర్‌కు శుద్ధి చేసిన కొత్త నీళ్లు. 21 కేజీల బాయిలర్ ఈ పాపాన్ని కొంతవరకు ఓర్చుకునేది, 67 ఓర్చుకోదు.

బగాస్ తడి ఇంకో సంగతి. పిండుడు సరిగా లేక తేమ 50 నుంచి 53కు పోతే మంట మందగిస్తుంది, ఆవిరి తగ్గుతుంది. గుప్పెడు పిప్పి తీసి పిసికితే అరచేయి తడవడంలోనే పాత ఫైర్‌మన్లు పట్టేసేవారు.

ఇక మన బస్తా లెక్కకు వద్దాం. 300లో 225 పోగా మిగిలిన ఆవిరిని కండెన్సింగ్ టర్బైన్‌కు పంపితే మహా అయితే మరో 15 యూనిట్లు వస్తాయి. ప్రాజెక్టు రిపోర్టుల్లో ఈ యూనిట్లనూ కోజనరేషన్ ఖాతాలోనే కలిపేస్తారు. నేను ఒప్పుకోను. కింద ఆ వేడిని వాడుకునే పని లేనప్పుడు అది చిన్న థర్మల్ కేంద్రమే, పెద్ద కేంద్రమంత పొదుపు కూడా దానికి ఉండదు. చెరకు ఆడేది నవంబరు నుంచి మార్చి దాకా. ఆ తర్వాత బొగ్గు వేసి టర్బైన్ తిప్పే మిల్లు చేసేది కూడా అదే. మారిషస్‌లో మన తెలుగువాళ్ల ముత్తాతలు కూలీలుగా చెరకు నరికిన నేల మీద ఈ పద్ధతినే దేశపు విద్యుత్ ఏర్పాటులో భాగం చేసుకున్నారు. సీజనులో పిప్పి, సీజను దాటాక బొగ్గు, బాయిలర్ ఒకటే. దీవికి కరెంటు ఏడాది పొడుగునా కావాలి కాబట్టి వాళ్లకది కుదిరింది. కాని రెండు కాలాల పొదుపూ ఒకటి కాదు.

ఇది చెరకుకే పరిమితమైన విద్య కాదు. హైదరాబాద్ చుట్టూ మందుల ఫ్యాక్టరీల్లో, డెయిరీల్లో, రంగుల అద్దకాల్లో చిన్న బాయిలర్లు ఉన్నాయి. చాలాచోట్ల పది కేజీల మీద ఆవిరి పుట్టించి, వాల్వుతో మూడు నాలుగు కేజీలకు దించి వాడతారు. ఆ వాల్వు ఉన్న చోట చిన్న బ్యాక్‌ప్రెషర్ టర్బైన్ పెట్టొచ్చు. ఆశ మాత్రం అదుపులో ఉండాలి. దిగే ఎత్తు తక్కువ కాబట్టి గంటకు మూడు టన్నుల ఆవిరికి 80 కిలోవాట్లు వస్తే గొప్ప. పైగా ఆవిరి రాత్రింబగళ్లు ఒకే తీరున పోవాలి. రోజుకు నాలుగు గంటలు వాడి ఆపేసేచోట టర్బైన్ పెట్టుబడి తిరిగి రాదు.

అందుకే యజమానులకు నా మాట ఒక్కటే. కోజనరేషన్ అమ్మజూపేవాడు ఎన్ని మెగావాట్లో చెప్తాడు. మీరు ముందు మెగావాట్లు అడక్కండి. గంట గంటకు మీ ఫ్యాక్టరీ ఎన్ని టన్నుల ఆవిరి, ఎంత ప్రెషర్ మీద తాగుతుందో వారం రోజులు మీటరు పెట్టి రాయించండి. ఆ కాగితంలో అతి తక్కువగా ఉన్న అంకె ఎంతో, మీ టర్బైన్ కూడా అంతే ఉండాలి.