తడబడిన చోటే కార్డు

శనివారం పొద్దున కాఫీ తాగి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంటాను. ముందు రోజు సాయంత్రం జరిగిన జర్మన్ క్లాసు రికార్డింగ్ వినడం నా పని. హైదరాబాద్‌లో మా దగ్గర ఎనిమిది మంది అమ్మాయిలు నేర్చుకుంటున్నారు. అందరూ నర్సింగ్ చదివినవాళ్ళే. జర్మనీలో నర్సుగా గుర్తింపు రావాలంటే సాధారణంగా బీ2 స్థాయి దాకా భాష రావాలి. పాఠం సార్ చెబుతారు. ఆ గంటన్నర పాఠాన్ని పదాల పట్టికగా, వాక్యాల ఫ్లాష్‌కార్డులుగా మార్చి ఆదివారం సాయంత్రానికల్లా వాళ్ళ ఫోన్లలోకి పంపడం నా వంతు.

మొదట్లో ఈ పని సులువనుకున్నాను. రికార్డింగ్ వింటూ, కొత్త పదం వినపడగానే రాసుకునేదాన్ని. ఎడమ పక్క జర్మన్, కుడి పక్క తెలుగు, దాని పక్కన ఇంగ్లీషు. వారానికి నలభై పదాలు తేలేవి. పిల్లలు శ్రద్ధగా బట్టీ పట్టేవారు. అందులో ఒక పదం 'ష్లెష్ట్'. వాతావరణం గురించి మాట్లాడేటప్పుడు సార్ 'దాస్ వెట్టర్ ఇస్ట్ ష్లెష్ట్' అన్నారు, అంటే వాతావరణం బాగాలేదని. పట్టికలో నేను 'ష్లెష్ట్: చెడ్డ, బ్యాడ్' అని రాశాను. తప్పేమీ లేదు.

రెండు వారాల తర్వాత క్లాసులో సార్ పేషెంటుగా, ఖమ్మం నుంచి వచ్చిన అమ్మాయి నర్సుగా సంభాషణ నడుస్తోంది. సార్ పొట్ట పట్టుకుని 'మీర్ ఇస్ట్ ష్లెష్ట్' అన్నారు. ఆ అమ్మాయి కాసేపు ఆగి, ఎందుకు బాధపడుతున్నారు, అంతా బాగవుతుంది అని ఓదార్చింది. ఆ మాటకు అర్థం 'నాకు కడుపులో తిప్పుతోంది' అని. నిజం వార్డులో అయితే ఆ పేషెంటుకు ఓదార్పు కాదు, గబగబా వాంతి పట్టే పళ్ళెం కావాలి. ఆ పిల్ల తప్పు కాదది. నేనిచ్చిన పట్టికలో పదం ఉంది, అది బతికే వాక్యం లేదు.

ఆ రికార్డింగ్‌లో ఆ చోటు మళ్ళీ మళ్ళీ విన్నాను. సార్ వాక్యం, తర్వాత నాలుగు సెకన్ల నిశ్శబ్దం, ఆ తర్వాత తప్పు జవాబు, వెంటనే సార్ సవరణ. అప్పుడే అర్థమైంది, నేను వెతకాల్సింది కొత్త పదాలను కాదని. కొత్త పదాలు పుస్తకం చివరి పేజీల్లో ఎలాగూ ఉంటాయి. మా పిల్లలు ఎక్కడ ఆగారు, ఎక్కడ తడబడ్డారు, సార్ ఎలా సరిదిద్దారు అన్నది మాత్రం ఏ పుస్తకంలోనూ ఉండదు. అది క్లాసు రికార్డింగ్‌లోనే దొరుకుతుంది.

ఇప్పుడు నా పద్ధతి ఇది. ఫోను సార్ బల్ల మీద ఉంటుంది, ఫ్యానుకు దూరంగా. రికార్డు చేస్తున్నామని అందరికీ చెప్పి, ఒప్పుకున్నాకే మొదలుపెడతాం. ఇంటికొచ్చాక ఆ ఫైలును ఆడాసిటీలో తెరుస్తాను. మొదటిసారి ఎక్కడా ఆపకుండా వింటాను. ఎవరైనా తడబడినప్పుడల్లా `Ctrl+M` నొక్కితే ఆ చోట ఒక గుర్తు పడుతుంది. గంటన్నరలో యాభై, అరవై గుర్తులు పడతాయి. రెండోసారి గుర్తులున్న చోట్లు మాత్రమే విని, ఒక్కరికే జరిగిన చిన్న పొరపాట్లు వదిలేస్తాను. ఇద్దరు ముగ్గురు తడబడినవి, వార్డులో పనికొచ్చేవి ఉంచుతాను. చివరికి ఇరవై, పాతిక వాక్యాలు మిగులుతాయి. కార్డులో పెట్టేది సార్ సరిదిద్ది చెప్పిన వాక్యం, ఆయన గొంతుతోనే. పిల్లల తప్పు వాక్యాన్ని గానీ వాళ్ళ గొంతును గానీ ఎక్కడా పెట్టను. తప్పును పదిసార్లు వింటే అదే నోటికొస్తుంది.

ఇక అసలు ప్రశ్న. కార్డు ముందు వైపు ఏ భాషలో ఉండాలి, తెలుగా, ఇంగ్లీషా? మా పిల్లలకు రెండూ వచ్చు. చాలా రోజులు రెండూ పక్కపక్కనే రాసేదాన్ని. వాళ్ళ కళ్ళు ఇంగ్లీషు వైపే వెళ్ళేవి, ఎందుకంటే నర్సింగ్ చదివింది ఇంగ్లీషులో. తప్పులు మాత్రం రెండు వైపుల నుంచీ వచ్చేవి. వాటిని వేరు చేసి చూస్తే ఒక సంగతి బయటపడింది.

చలేస్తోందని చెప్పమంటే ముగ్గురు 'ఇష్ బిన్ కాల్ట్' అన్నారు. అది ఇంగ్లీషు 'ఐ యామ్ కోల్డ్'ను మాటకు మాట పెట్టడం. జర్మన్‌లో అలా అంటే మనసులో వెచ్చదనం లేని మనిషినని చెప్పుకున్నట్టు వినిపిస్తుంది. సరైన మాట 'మీర్ ఇస్ట్ కాల్ట్'. మీర్ అంటే నాకు. తెలుగులో మనం అనేదీ 'నాకు చలిగా ఉంది' అనే కదా! నాకు, ఉంది, చలి మూడూ అందులో ఉన్నాయి. అమ్మ నేర్పిన వాక్యం నోట్లోనే ఉండగా, పిల్లలు స్కూల్లో నేర్చిన వాక్యం దారిలో వెళ్ళి తప్పు చేస్తున్నారు. 'మీర్ ఇస్ట్ ష్లెష్ట్' కూడా ఇదే తీరు. కడుపులో తిప్పేదీ మనకు 'నాకే'. అందుకే ఈ రెండు కార్డుల ముందు వైపు తెలుగు మాత్రమే ఉంటుంది.

దీనికి ఎదురు సంగతి జ్వరం. 'నాకు జ్వరంగా ఉంది' అనే వాక్యాన్ని పట్టుకుని ఇద్దరు 'మీర్ ఇస్ట్ ఫీబర్' అన్నారు. తెలుగు లెక్కలో అది సరిపోతుంది, జర్మన్‌లో చెల్లదు. అక్కడ 'ఇష్ హాబె ఫీబర్' అనాలి. ఇది అచ్చంగా ఇంగ్లీషు 'ఐ హ్యావ్ ఎ ఫీవర్' దారి. ఈ కార్డు ముందు వైపు ఇంగ్లీషు వాక్యం పెట్టాను, తెలుగు వెనక్కి వెళ్ళింది.

అప్పటి నుంచి ఒకటే సూత్రం పెట్టుకున్నాను. తప్పు ఏ భాష నుంచి వచ్చిందో చూడాలి, కార్డు ముందు వైపు రెండో భాష ఉండాలి. తప్పుకు దారి తీసిన భాష వెనక వైపు, జవాబు కింద, అర్థం సరిచూసుకోవడానికి మాత్రమే. ఏ భాష నుంచీ రాని తప్పులూ ఉంటాయి. అప్పుడు తెలుగునే ముందు పెడతాను. ఎందుకంటే జర్మన్‌లో పెద్దవాళ్ళను, కొత్తవాళ్ళను పిలిచే మాట వేరు, చనువున్నవాళ్ళను పిలిచే మాట వేరు. ఇంగ్లీషు 'యూ'లో ఆ తేడా కనపడదు. 'మీకు నొప్పిగా ఉందా?' అని రాస్తే ముసలి పేషెంటుతో ఎలా మాట్లాడాలో ఆ 'మీకు'లోనే తెలిసిపోతుంది.

తెలుగు రాసేటప్పుడు ఇంకో జాగ్రత్త ఉంది. వైద్య పుస్తకాల తెలుగు పనికిరాదు. 'వికారము' అని రాస్తే పిల్లలు ముందు ఆ మాటను అర్థం చేసుకోవాలి, తర్వాతే జర్మన్ గుర్తొస్తుంది. ఇంట్లో అమ్మమ్మ ఎలా అంటుందో అలా రాయాలి. అలా రాస్తే ఒక చిక్కు వస్తుంది, ఒక తెలుగు వాక్యానికి రెండు మూడు జర్మన్ జవాబులు ఉండొచ్చు. అందుకని వాక్యం పక్కన ఎవరు ఎవరితో అంటున్నారో రెండు ముక్కల్లో రాస్తాను. పాత కార్డుల్లో ఈ రెండు ముక్కలు లేకపోవడం వల్లే పిల్లలు సరైన జవాబు చెప్పి కూడా తప్పని నొక్కుకునేవారు.

చెవి మోసం చేసే చోట్లు కూడా ఉన్నాయి. సార్ 'ష్టేహెన్ జీ బిట్టె లాంగ్జామ్ ఔఫ్' అన్నారు, నెమ్మదిగా లేవండి అని. ఇక్కడ క్రియ రెండు ముక్కలైంది. 'ష్టేహెన్' మొదట, 'ఔఫ్' చివర. మధ్యలో మూడు మాటలు ఉన్నాయి. వింటూ వింటూ రాసుకునేవాళ్ళు 'ష్టేహెన్' దగ్గరే కలం ఆపేసి 'నిలబడు' అని పట్టికలో ఎక్కిస్తారు. నేనూ అలాగే ఎక్కించాను. అసలు క్రియ 'ఔఫ్‌ష్టేహెన్', లేవడం. మంచంలో పడుకున్న మనిషికి ఈ రెంటికీ చాలా తేడా ఉంది. అందుకే ఇప్పుడు వాక్యం పూర్తయ్యేదాకా ఏమీ రాయను. చివర్లో 'ఔఫ్', 'ఆన్', 'ఔస్' లాంటి చిన్న మాట వినపడితే వెనక్కి జరిపి, అది ముందున్న క్రియకు చెందిందేమో నిఘంటువులో చూస్తాను. పట్టికలో అతికిన రూపం, కార్డులో విడిపోయిన వాక్యం. పట్టిక ఇప్పటికీ ఇస్తున్నాను గానీ, అందులోని ప్రతి పదం ఏదో ఒక కార్డు వాక్యంలోంచి వచ్చిందే. నామవాచకమైతే దాని ఆర్టికల్, బహువచనం కూడా ఉంటాయి.

కార్డులు అంకీలో చేస్తాను. ఒక్కొక్కటీ టైపు చేయకుండా, మామూలు టెక్స్ట్ ఫైలులో వరుసకో కార్డు రాసి ఒకేసారి ఎక్కించొచ్చు. ఒక ఫైలులో మొదటి వరుసలు ఇవి:

```
#separator:Pipe
నాకు కడుపులో తిప్పుతోంది. (పేషెంట్, నర్సుతో)|Mir ist schlecht.|I feel sick.|[sound:k_01.mp3]
I have a fever. (పేషెంట్, నర్సుతో)|Ich habe Fieber.|నాకు జ్వరంగా ఉంది.|[sound:k_02.mp3]
నెమ్మదిగా లేవండి. (నర్సు, పేషెంట్‌తో)|Stehen Sie bitte langsam auf.|Please get up slowly.|[sound:k_03.mp3]
```

అంకీలో నాలుగు గడుల నోట్ టైపు ముందే చేసి పెట్టుకోవాలి. మొదటి గడి ముందు వైపు, మిగిలిన మూడూ వెనక. ఆడాసిటీలో కోసిన శబ్దపు ముక్కలను అంకీ `collection.media` ఫోల్డర్‌లో వేయాలి, పేర్లు అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఫైలును `UTF-8`గా దాచకపోతే తెలుగంతా ప్రశ్నార్థకాలై కనపడుతుంది. అంకీ మామూలుగా రోజుకు ఇరవై కొత్త కార్డులు చూపిస్తుంది. నేను దాన్ని ఐదుకు తగ్గించమంటాను. వారానికి ఇచ్చేది ఇరవై, పాతికే. రోజుకు ఐదు చూస్తే వచ్చే శుక్రవారం క్లాసుకు అన్నీ ఒకసారైనా నోట్లో నలుగుతాయి.

కార్డు చూసి జవాబు చెప్పగలిగితే భాష వచ్చినట్టు కాదు. కార్డు అడుగుతుంది కాబట్టి చెబుతారు. పేషెంటు అలా అడగడు. అందుకే వాక్యం వచ్చిందా లేదా అన్నది నేను అంకీ లెక్కల్లో చూడను, మళ్ళీ రికార్డింగ్‌లోనే చూస్తాను. ఒక కార్డులోని వాక్యం కొన్ని వారాల తర్వాత క్లాసులో, ఎవరూ అడగకుండా, సందర్భం వచ్చి ఆ పిల్ల నోట వినిపిస్తే ఆ కార్డు పని అయిపోయినట్టు. అప్పుడు దాన్ని పక్కన పెట్టేయమని చెబుతాను.

మొన్న శనివారం పద్నాలుగో వారం రికార్డింగ్ వింటున్నాను. ఈసారి ఖమ్మం అమ్మాయి పేషెంటు, ఇంకో అమ్మాయి నర్సు. 'ఏమైంది?' అని నర్సు అడిగింది. గుర్తు పెట్టడానికి నా వేళ్ళు మీటల మీద సిద్ధంగా ఉన్నాయి. నిశ్శబ్దం రాలేదు. 'మీర్ ఇస్ట్ ష్లెష్ట్' అంది, ఆపకుండా. నర్సు వెంటనే పళ్ళెం తెస్తానంది. గుర్తు పెట్టకుండానే ముందుకు సాగిపోయాను.