అధ్యాయాల చిక్కు: ఒక కథా పరిశీలన

సిద్ధాంతగ్రంథ సమర్పణకు ముందు రోజులను చిత్రించిన ఈ కథలో సంఘర్షణ అంతా అధ్యాయ విభజనలోనే ఉంది. అరకు లోయ థింసా పాటలను పరిశోధకుడు తెగలవారీగా విభజిస్తాడు. కానీ బగత, కొండదొర, కోదు, పోర్జ తెగలన్నింటిలోనూ థింసా ఉంది. అందువల్ల పెళ్లి థింసా వర్ణన నాలుగు అధ్యాయాల్లోనూ పునరుక్తమవుతుంది. చివరకు అతడు పెళ్లి, ఇటుకల పండుగ వంటి సందర్భాలను అధ్యాయాలుగా మార్చి, తెగల భేదాలను ఉపశీర్షికల్లో చూపుతాడు. పునరుక్తి తొలగుతుంది. అయితే కోదుల కువి పాట, ఇతరుల ఆదివాసీ ఒడియా పాట ఒకే శీర్షిక కిందకు చేరి, భాషాభేదం మరుగునపడుతుంది. ప్రతి పాటకూ ఊరు, తెగ, భాష తెలిపే అనుబంధం ఆ లోటు తీర్చేది. కథకుడు ఆ ప్రశ్నను తాకకుండా, విషయసూచిక కుదరడాన్నే పరిష్కారంగా భావించాడు. కథకు బలమైన ముగింపు అక్కడే చేజారింది.