ఆరు స్లాట్ల ఎడం

స్టేటర్‌లో కదిలే భాగమంటూ ఏదీ ఉండదు. ఉక్కు రేకుల పేర్పు, లోపలి అంచు చుట్టూ స్లాట్లు, వాటిలో రాగి తీగ, అంతే. అయినా కరెంటు ఇవ్వగానే ఆ ఖాళీ గుండ్రంలో ఏదో తిరగడం మొదలవుతుంది. దాన్ని కంటితో చూసే పద్ధతి వైండింగ్ షాపుల్లో ఒకటుంది. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు. కొత్తగా చుట్టిన స్టేటర్‌లో రోటర్ బదులు బేరింగులోని ఉక్కు గోళీ ఒకటి వేస్తారు. మూడు ఫేజులూ డిమ్మర్‌స్టాట్ మీంచి బాగా తగ్గించి ఇస్తారు. అదీ కొద్దిసేపే, రోటర్ లేని స్టేటర్ కరెంటు విపరీతంగా లాగుతుంది కాబట్టి. చిన్నగా తోస్తే చాలు, గోళీ లోపలి గోడ వెంట గిరగిరా పరుగెడుతుంది.

దాన్ని పరుగెత్తిస్తున్నదేమిటి? పిండి మరకు వాడే 5 హెచ్‌పీ మోటారునే తీసుకుందాం. 36 స్లాట్లు, 4 పోల్స్, నేమ్‌ప్లేటు మీద 1440 ఆర్‌పీఎం. వైండర్ మొదటి ఫేజును 1వ స్లాటులో మొదలుపెడితే రెండోది 7లో, మూడోది 13లో మొదలుపెడతాడు. ఆ ఆరు స్లాట్ల ఎడమే చోటులో మూడు ఫేజుల మధ్య ఉన్న తేడా. కాలంలో తేడా లైనులోనే వస్తుంది. 50 హెర్ట్జ్ కరెంటులో ఒక ఫేజు ఉచ్చస్థితికి చేరాక, సెకనులో 150వ వంతు గడిచాక రెండోది చేరుతుంది, మరో 150వ వంతుకు మూడోది.

ఇక కాలాన్ని ఒక్క క్షణం దగ్గర ఆపి చూడండి. ఎర్ర ఫేజు చుట్టలో 6 ఆంపియర్లు నిండుగా ఉన్నాయి. పసుపు, నీలం ఫేజుల్లో చెరో 3 ఆంపియర్లు, ఎదురు దిశలో. మూడింటి అయస్కాంత బలాలూ కలిసి ఎర్ర చుట్ట ఎదుటే ధ్రువం నిలుస్తుంది. సెకనులో 300వ వంతు తర్వాత ఎర్రలో 3, పసుపులో 3, నీలంలో ఎదురు దిశలో 6. ఇప్పుడు ధ్రువం మూడు స్లాట్లు ముందుకు జరిగింది. ఇంకో 300వ వంతు గడిస్తే పసుపు నిండుతుంది, ధ్రువం ఇంకో మూడు స్లాట్లు జరుగుతుంది. జాతరలో వరస దీపాలు వెలిగి ఆరుతుంటే వెలుగే పరుగెత్తినట్టు కనిపిస్తుంది కదా, ఇదీ అలాంటిదే. కాకపోతే ఇక్కడ మధ్యలో వెలితి ఉండదు. ఒక్క ఫేజు ఒంటరిగా ఇవ్వగల గరిష్ఠ బలానికి ఒకటిన్నర రెట్లు, ఎప్పుడూ అంతే బలంతో, నిమిషానికి 1500 చుట్లు. ఈ లెక్కలో నాకు అన్నిటికన్నా ముచ్చటేసేది ఆ బలం మారకపోవడమే.

రోటర్‌కు బయటి నుంచి తీగ ఏదీ రాదు. దానిలో ఉన్నవి అల్యూమినియం కడ్డీలు, రెండు కొసలా వాటిని కలిపే రింగులు. క్షేత్రం కడ్డీలను దాటి పోతుంటే వాటిలో కరెంటు పుడుతుంది. ఆ కరెంటు తనను పుట్టించిన వేగ భేదాన్నే తగ్గించాలని చూస్తుంది. అంటే రోటర్ క్షేత్రం వెంట పడాలి. ఈ ఈడ్పు మోటారు కన్నా పాతది. 1824లో ఫ్రాన్సులో అరాగో రాగి పళ్ళాన్ని తిప్పితే పైన వేలాడుతున్న అయస్కాంత సూది దాని వెంట తిరిగింది. కారణం తర్వాత ఫారడే చెప్పాడు. మన రోటర్ 1500ను ఎన్నటికీ అందుకోదు. అందుకుంటే కడ్డీలను దాటేదేమీ ఉండదు, కరెంటు పుట్టదు, ఈడ్పూ ఉండదు. నేమ్‌ప్లేటు మీది 1440కి అర్థం అదే. నిండు లోడు మీద 60 చుట్లు వెనకబడితేనే కావలసినంత బలం వస్తుంది. మరలో గింజలు ఇంకా పోస్తే ఇంకాస్త వెనకబడి ఇంకాస్త గట్టిగా లాగుతుంది.

ఇప్పుడు ఒక ఫ్యూజు పోయిందనుకోండి. ఈ మోటారు డెల్టాలో నడుస్తుంది కాబట్టి ఒక చుట్టకు 415 వోల్టులూ నేరుగా అందుతాయి, మిగతా రెండు చుట్టలూ వరసగా కలిసి అదే వోల్టేజీని పంచుకుంటాయి. మూడింటి కరెంట్లూ ఒకేసారి పెరిగి ఒకేసారి తగ్గుతాయి. ఆరు స్లాట్ల ఎడం అలాగే ఉంది, కాలంలో ఎడం పోయింది. క్షేత్రం ఒకే గీత మీద బలపడి, తగ్గి, తిరగబడుతుందే తప్ప చుట్టూ తిరగదు. అది ఎదురెదురుగా తిరిగే రెండు సగాలతో సమానం. ఆగివున్న రోటర్‌ను రెండూ సమానంగా లాగుతాయి, అందుకే మోటారు మూలుగుతుంది తప్ప కదలదు. అప్పటికే తిరుగుతున్నదైతే తను తిరిగే వైపు సగాన్ని పట్టుకుని నడుస్తూనే ఉంటుంది. అసలు ప్రమాదం అక్కడే. పిండి పడుతూనే ఉంటుంది, లోపల ఒక చుట్ట మాడిపోతూ ఉంటుంది.

విప్పి చూస్తే ఆనవాలు స్పష్టంగా తెలుస్తుంది. సమాన దూరాల్లో ఒకే ఫేజు కాయిళ్ళు నల్లబడి, మిగతా రెండు ఫేజులవి రంగు చెడకుండా ఉంటాయి. స్టార్‌లో నడిచే మోటారైతే దీనికి తిరగేసి ఉంటుంది: రెండు ఫేజులు మాడి, ఒకటి బాగుంటుంది. అన్నీ ఒకేలా నల్లబడితే అధిక లోడో, పట్టేసిన బేరింగో అయివుంటుంది. మొదటి రెండు రకాల్లో తప్పు మోటారు బయటే ఉంది. ఫ్యూజులూ స్టార్టర్ కాంటాక్టులూ చూడకుండా కొత్త రాగి చుట్టి పంపితే అదీ అలాగే కాలుతుంది.