పదికి ఆరు ఇస్తే పగవాళ్లేనా?

బీసెంట్ రోడ్డులో చీర కొని బిల్లు కట్టామో లేదో, ఫోన్‌కి మెసేజ్ వచ్చేస్తోంది: ‘మా షాపును మీ బంధుమిత్రులకు సిఫార్సు చేసే అవకాశం ఎంత? 0 నుంచి 10 లోపు చెప్పండి.’

దీన్నే నెట్ ప్రమోటర్ స్కోర్ అంటారు. 2003 డిసెంబరులో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఫ్రెడ్ రైక్‌హెల్డ్ రాసిన వ్యాసంతో ఇది ప్రచారంలోకి వచ్చింది. 9, 10 ఇచ్చినవాళ్లు ప్రమోటర్లు. 6, అంతకంటే తక్కువ ఇచ్చినవాళ్లు డిట్రాక్టర్లు, అంటే షాపు గురించి చెడ్డగా చెప్పేవాళ్లని లెక్క. మొదటివాళ్ల శాతంలోంచి రెండోవాళ్ల శాతం తీసేస్తే స్కోరు. 7, 8 ఇచ్చినవాళ్లు ఎటూ కాదు.

నా పేచీ ఆ ఆరుతోనే. నూటికి అరవై వస్తే ఫస్ట్ క్లాసని మనం చిన్నప్పటి నుంచీ వింటున్నాం. ఉయ్యూరు నుంచి వచ్చిన పెద్దావిడ చీర నచ్చి, ‘బాగానే ఉంది’ అనుకుంటూ 6 నొక్కితే షాపు ఆమెను పగవాళ్ల ఖాతాలో రాసుకుంటోంది. పైగా సిఫార్సు అంటే మనకు గుర్తొచ్చేది తిరుమల దర్శనానికి ఎమ్మెల్యే ఇచ్చే ఉత్తరం. చీరల షాపుకి సిఫార్సు ఎవరు చేస్తారండీ?

ఒకే యజమానికి బెజవాడ బందరు రోడ్డులో ఒకటి, గుడివాడలో ఒకటి షాపులున్నాయనుకుందాం. రెండుచోట్లా వందమంది జవాబిచ్చారు. బెజవాడలో 40 మంది 9, 10 ఇచ్చారు, 40 మంది 7, 8 ఇచ్చారు, మిగతా 20 మంది ఆరులోపు. స్కోరు 20. గుడివాడలో 60 మంది 9, 10 ఇచ్చారు, 40 మంది ఆరులోపు, మధ్యలో ఎవరూ లేరు. అక్కడా 20. కానీ గుడివాడ షాపులో ఏదో ఒకటి చెడింది. పట్టుచీరల కౌంటర్ బాగుండి, బ్లౌజు కుట్టి ఇచ్చేచోట పెళ్లి రోజు దాటిపోతోందేమో. ఆ సంగతి 20 అనే అంకె చెప్పదు. పోనీ వచ్చే నెల బెజవాడ స్కోరు 28కి పెరిగిందనుకోండి, స్టాఫ్‌కి స్వీట్లు పంచడానికి తొందరపడనక్కర్లేదు. వంద జవాబులతో తీసిన స్కోరు ఊరికే పదిహేను అటూఇటూ ఊగగలదు.

ఇక అడిగే సమయం. ‘తొమ్మిదో పదో పెట్టండమ్మా, మా ఇన్సెంటివ్ దానిమీదే’ అని సేల్స్‌మన్ ఎదురుగా నిలబడితే ఆరు ఎవరు నొక్కుతారు? చీర రంగు దిగేది ఇంటికెళ్లి ఉతికాక.

అందుకే షాపుల వాళ్లకు నా మనవి. పదిహేను రోజులాగి, చీర ఒకసారి ఉతికాక అడగండి. ‘చెబుతారా?’ అని కాదు, ‘ఈమధ్య మా షాపు గురించి ఎవరికైనా చెప్పారా, ఏమని చెప్పారు?’ అని అడగండి. వచ్చిన జవాబులను కౌంటర్ల వారీగా విడదీసి చదవండి. స్కోరును మాత్రం స్టాఫ్ జీతంతో ముడిపెట్టకండి.